హబారి అంటే మన కబురే: టాంజానియాలో ఒక ఇంటికి వెళ్లినప్పుడు పలకరించడం ఎలా?

టాంజానియాలో విమానం దిగిన గంటలోపే మీకు ‘జాంబో!’ వినిపిస్తుంది. టాక్సీ వాళ్లు, హోటల్ వాళ్లు, బొమ్మలమ్మే కుర్రాళ్లు అందరూ అదే అంటారు. మీరూ ‘జాంబో’ అంటారు, వాళ్లు నవ్వుతారు, ఆ పైన మాట ఇంగ్లీషులోకి మారిపోతుంది. ఎందుకంటే ఒట్టి ‘జాంబో’ అనేది అక్కడివాళ్లు విదేశీయుల కోసం అట్టిపెట్టిన మాట. తమలో తాము పలకరించుకునేటప్పుడు అలా అనుకోరు. మీరు జాంబో అనగానే ‘ఈయనకి మన భాష స్వాహిలి రాదు’ అని వాళ్లకి తెలిసిపోతుంది. బజారులో దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఎవరైనా మిమ్మల్ని ఇంటికి పిలిస్తే మాత్రం ఆ ఒక్క మాటతో నెట్టుకురాలేరు. అక్కడ పలకరింపు అంటే నాలుగైదు విడతలుగా సాగే సంభాషణ. దాన్ని మధ్యలో తెంచేసి పనిలోకి దిగితే, మన ఊళ్లో గడపలోకి వచ్చినవాడు ‘బాగున్నారా’ అని కూడా అనకుండా ‘డబ్బులిస్తారా’ అని అడిగినట్టుంటుంది.

అందుకని ఈ వ్యాసంలో ఒకే సందర్భం తీసుకుందాం. టాంజానియా తీరంలో, టాంగా లాంటి ఊళ్లో, మీ ఆఫీసులో పనిచేసే ఒకాయన సాయంత్రం ఇంటికి రమ్మన్నాడు. ఇంట్లో ఆయన భార్య, పిల్లలు, ముసలి తండ్రి ఉన్నారు. గడప దగ్గర మొదలుపెట్టి మళ్లీ గడప దాటేదాకా ఎవరితో ఏమనాలో చూద్దాం.

ముందుగా నోరు తిప్పడం. తెలుగువాళ్లకి ఇది పెద్ద కష్టం కాదు. స్వాహిలి మాటలు కూడా మన మాటల్లాగే దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అచ్చులు మన అ, ఇ, ఉ, ఎ, ఒ లాగే స్పష్టంగా ఉంటాయి. చివరి నుంచి రెండో అక్షరాన్ని కాస్త ఒత్తి పలకాలి: హబారి, సఫారి, కరీబు. వాళ్ల ట, డలు మన ‘ట’కీ ‘త’కీ నడుమ ఉంటాయి కాబట్టి ఎటు పలికినా అర్థమవుతుంది. కొంచెం ఇబ్బంది పెట్టేవి ‘న్జూరి’, ‘మ్‌జే’ లాంటి మాటలు. ‘న్జూరి’ని ‘నజూరి’ అనకండి. ‘గంజి’లో సున్న పలికినట్టు ముక్కుతో మొదలుపెట్టి వెంటనే ‘జూ’లోకి జారండి. ఆ ‘జ’ మన ‘జాతర’లోది కాదు, ఇంగ్లీషు ‘జూ’, ‘జీరో’లలో వినిపించేది.

ఇప్పుడు అసలు సంగతి. పలకరింపులు రెండు కుటుంబాలు: జాంబో కుటుంబం, హబారి కుటుంబం. ప్రతి ప్రశ్నకీ దాని జవాబు దానికే ఉంది. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఒకదాని జవాబు ఇంకోదానికి అతికించడమే.

జాంబో అంటే ‘సంగతి’, ‘వ్యవహారం’. పలకరింపులో దానికి కాస్త ‘ఇబ్బంది’ అనే ఛాయ కూడా ఉంది. ‘హుజాంబో?’ అంటే ‘నీకు ఏ ఇబ్బందీ లేదు కదా?’ అని. జవాబు ‘సిజాంబో’, అంటే ‘నాకేమీ ఇబ్బంది లేదు’. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ ముక్కల్ని విడదీసి అనువదించకండి. ‘బాగున్నావా?’ ‘బాగున్నాను’ అంటే చాలు. ముందున్న చిన్న ముక్క మారితే మనిషి మారతాడు:

హుజాంబో? (బాగున్నావా? / బాగున్నారా? – ఒక్కరిని) – సిజాంబో (బాగున్నాను)
హమ్‌జాంబో? (మీరంతా బాగున్నారా?) – హటుజాంబో (మేమంతా బాగున్నాం)
హజాంబో? (ఆయన / ఆవిడ బాగున్నారా?) – హజాంబో (బాగున్నారు)
హవజాంబో? (వాళ్లు బాగున్నారా?) – హవజాంబో (బాగున్నారు)

చివరి రెండింటిలో ప్రశ్నా జవాబూ ఒకే మాట, గొంతులో ఎత్తూ దింపూ మాత్రమే తేడా. మన ‘ఉన్నారా?’లో ఉన్న దీర్ఘం లాంటిది వాళ్లకి లేదు కాబట్టి ప్రశ్న అడిగేటప్పుడు గొంతు పైకి లేపాలి.

ఇక్కడ తెలుగువాళ్లకి ఒక వెలితి కనిపిస్తుంది. ‘నువ్వు’, ‘మీరు’ తేడా ఎక్కడ? లేదు. ‘వేవే’ అనే ఒక్క మాట నువ్వుకీ మీరుకీ రెండింటికీ సరిపోతుంది. పెద్దాయన్ని ‘హుజాంబో’ అంటే వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, మర్యాద మాత్రం తగ్గింది. వాళ్ల మర్యాద సర్వనామంలో ఉండదు. ఏ పలకరింపు ఎంచుకున్నారు, పక్కన ఏ వరస కలిపారు అన్నదాంట్లో ఉంటుంది. ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

రెండో కుటుంబం హబారి. ఈ మాట అరబ్బీ ‘ఖబర్’ నుంచి వచ్చింది. మన ‘కబురు’ పుట్టిల్లు కూడా అదే. అరబ్బు నావలతో అటు ఆఫ్రికా తీరానికీ, ఫార్సీ, ఉర్దూలతో ఇటు మన దగ్గరికీ చేరింది. కాబట్టి ‘హబారి?’ అంటే ‘ఏంటి కబుర్లు?’ అనుకోండి, జన్మలో మరిచిపోరు. హైదరాబాదు నీళ్లు తాగినవాళ్లకి ఇంకా సులువు. ‘అసుబూహి’ అంటే పొద్దున, అది సుబహ్. ‘సఫారి’ అంటే ప్రయాణం, అది సఫర్. అడవిలో సింహాల్ని చూడ్డానికి వెళ్లేది మాత్రమే సఫారి అనుకుంటాం గానీ వాళ్లకి బస్సులో అత్తగారింటికి వెళ్లినా సఫారే. ‘లాకీని’ అంటే కానీ, అది లేకిన్.

హబారి పక్కన ‘జా’ పెట్టి దేని గురించి అడుగుతున్నారో చెప్పాలి. కొన్నిచోట్ల ‘యా’ కూడా వినిపిస్తుంది, కంగారు పడొద్దు.

హబారి జా అసుబూహి? – (పొద్దున పలకరింపు)
హబారి జా మ్‌చానా? – (పగటి పలకరింపు)
హబారి జా జియోని? – (సాయంత్రపు పలకరింపు)
హబారి జా న్యుంబాని? – ఇంట్లో అందరూ బాగున్నారా?
హబారి జా కాజి? – పనులెలా సాగుతున్నాయి?
హబారి జా సఫారి? – ప్రయాణం బాగా జరిగిందా?
హబారి జా సీకు న్యింగి? – చాన్నాళ్లైంది కనబడి, ఎలా ఉన్నారు?

మొదటి మూడింటికి తెలుగులో సరైన మాట లేదు. ‘శుభోదయం’ అని పెడితే అది ప్రశ్న కాకుండా పోతుంది, పైగా మనం ఇంట్లో ఎవరినీ శుభోదయం అని పలకరించం. ‘ఏమండీ, బాగున్నారా?’ అన్నదే వాటికి దగ్గరి అనువాదం. పొద్దునో సాయంత్రమో అన్నది తెలుగులో ఎలాగూ కనిపిస్తూనే ఉంటుంది.

అన్నింటికీ జవాబు ‘న్జూరి’, ‘న్జేమా’, ‘సలామా’లలో ఏదో ఒకటి. మూడూ ‘బాగుంది, క్షేమం’ అనే అర్థమే. ఒకే మాట పదిసార్లు అనకుండా మార్చి మార్చి వాడితే వినడానికి బాగుంటుంది. వెంటనే ‘నా వేవే?’ (మరి మీరు?) అనో, కొత్త హబారి ఒకటి తీసుకునో తిరిగి అడగాలి. బంతి మీ దగ్గరే ఆగిపోకూడదు.

తప్పు ఎక్కడ జరుగుతుందో ఇప్పుడు చెప్తాను. ‘హుజాంబో?’ అంటే నేను మొదట్లో హుషారుగా ‘న్జూరి!’ అనేవాణ్ని. ‘ఇబ్బందేమీ లేదు కదా?’ అంటే ‘మంచిది!’ అన్నట్టు. ఎదుటివాళ్లకి అర్థమయ్యేది, కానీ వాళ్ల ముఖంలో ఒక చిన్న ఆగుడు. అది కనిపిస్తే మీరు కుటుంబాలు కలిపేశారని గుర్తు. హుజాంబోకి సిజాంబో, హబారికి న్జూరి. ఒట్టి జాంబోకి ఒట్టి జాంబో. నోట్లో నానేదాకా ఈ మూడు జతలే వల్లె వేయండి.

ఇంకో సంగతి. జవాబు ఎప్పుడూ బాగున్నట్టే ఉండాలి. ఒళ్లు కాలిపోతున్నా ముందు ‘న్జూరి’ అనేసి, ఆ తర్వాతే ‘లాకీని...’ అంటూ జ్వరం సంగతి చెప్తారు. ‘న్జూరి టు’ (‘ఆ, బాగానే ఉంది’) అని కాస్త నీరసంగా వినిపిస్తే అవతల ఏదో ఉందని అర్థం చేసుకోండి. వెంటనే కూపీ లాగకండి, పలకరింపుల వంతు అయ్యాక వాళ్లే చెప్తారు.

ఇక ఇంటికి వెళ్దాం. తలుపు తీసే ఉంటుంది. అయినా గడప ముందే ఆగి ‘హోడి!’ అని కేకెయ్యండి. ‘ఎవరండీ లోపల, రావచ్చా?’ అని దానర్థం. తలుపు తట్టడం కన్నా ఇదే పద్ధతి. లోపల్నుంచి ‘కరీబు!’ (రండి!) అని వినబడేదాకా కాలు కదపకండి. వినబడకపోతే ఇంకోసారి, మూడోసారి పిలవొచ్చు. మూడుసార్లకీ జవాబు రాకపోతే వెనక్కి తిరిగి రావడమే మర్యాద. కిటికీలోంచి తొంగి చూడ్డం మహా తప్పు. చెప్పులు గడప బయట విడవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

గడప దగ్గర మాటలు ఇలా సాగుతాయి:

మీరు: హోడి! హోడి! – ఎవరండీ ఇంట్లో?
ఇంటావిడ: కరీబు! కరీబు న్డాని. – రండి రండి, లోపలికి రండి.
మీరు: అసాంటే. – (థాంక్సండీ.)
ఇంటావిడ: పోలే నా సఫారి. – అయ్యో, ఎంత దూరం నుంచి వచ్చారో, అలిసిపోయుంటారు.
మీరు: అసాంటే, మామా. హబారి జా జియోని? – పర్లేదమ్మా. మీరు బాగున్నారా?
ఇంటావిడ: న్జేమా. హబారి జా ఇండియా? – బాగున్నాం. ఇండియాలో అంతా బాగేనా?
మీరు: సలామా. హబారి జా న్యుంబాని? – అంతా క్షేమం. ఇంట్లో అందరూ బాగున్నారా?
ఇంటావిడ: న్జూరి సానా. వటోటో హవజాంబో? – చాలా బాగున్నాం. మీ పిల్లలు బాగున్నారా?
మీరు: హవజాంబో. – బాగున్నారండీ.

ఇందులో ‘పోలే’ దగ్గర కాసేపు ఆగాలి. నిఘంటువులో ‘క్షమించండి’ అని చూసి, ‘ఈవిడ నాకేం తప్పు చేసిందని క్షమాపణ?’ అని బిత్తరపోయేవాళ్లున్నారు. పోలే అంటే మన ‘అయ్యో’. మీ కాలికి రాయి తగిలితే దారిన పోయేవాడు ‘పోలే!’ అంటాడు. ఎండలో పని చేసి వచ్చినవాడిని ‘పోలే నా కాజి’ అంటారు. తప్పు ఎవరిదీ కాదు, మీ కష్టం మేమూ చూశాం అనడం అంతే. జవాబుగా ‘అసాంటే’ అంటే సరిపోతుంది. పాత పద్ధతి వాళ్లు ‘నిమెషపోవా’ అంటారు, అంటే ‘చల్లబడ్డానులే’ అని, మన ‘సేదతీరాను’ లాగ. రెండుసార్లు ‘పోలే పోలే’ అంటే మాత్రం ‘నెమ్మదిగా, నెమ్మదిగా’ అని అర్థం మారిపోతుంది.

ఇంట్లో చావు కబురు ఉందని తెలిస్తే హబారి జోలికే వెళ్లకండి. ‘న్జూరి’ అని వాళ్ల చేత బలవంతంగా చెప్పించినట్టవుతుంది. ‘పోలేని సానా’ అని చెయ్యి పట్టుకుంటే చాలు. చివర ఆ ‘ని’ ఎక్కువమందిని ఉద్దేశించి అన్నట్టు చేస్తుంది. కరిబూని, అసంటేని, క్వాహెరీని కూడా ఇలాగే వచ్చాయి.

లోపల చాప మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు మీరు ఇంతవరకూ నేర్చుకున్న రెండు కుటుంబాలూ పక్కన పెట్టండి. పెద్దవాళ్లకి మొదటి మాట ‘షికమో’. చివరి ఒకారాన్ని బాగా సాగదీయాలి: షికమోఓ. ‘మీ పాదాలు పట్టుకుంటున్నాను’ అన్నమాటే అలా కుదించుకుపోయిందని చెప్తారు. తెలుగులో దీన్ని ‘నమస్కారం’ అంటే కాస్త తేలిపోతుంది, ‘దణ్ణం పెడుతున్నా తాతా’ అంటే సరిగ్గా కుదురుతుంది. నిజంగా వంగి కాళ్లు ముట్టుకోనక్కర్లేదు. కుడి చెయ్యి ఇచ్చి, ఎడమచేత్తో మీ కుడి ముంజేతిని పట్టుకుని కొంచెం వంగితే మర్యాద పూర్తవుతుంది. ఆయన ‘మరహాబా’ అంటాడు. దీవెన లాంటి స్వీకారం అది. అప్పుడు హుజాంబో ఆయన వైపు నుంచి వస్తుంది:

మీరు: షికమో, బాబు. – దణ్ణం తాతగారూ.
తాత: మరహాబా. హుజాంబో? – మంచిది నాయనా. బాగున్నావా?
మీరు: సిజాంబో. – బాగున్నానండీ.
తాత: వజాజి హవజాంబో? – మీ అమ్మానాన్నా బాగున్నారా?
మీరు: హవజాంబో. – బాగున్నారండీ.

చూశారుగా, తెలుగులో ఒకవైపు ‘బాగున్నావా’, ఒకవైపు ‘అండీ’ వచ్చి చేరాయి. స్వాహిలిలో ఆ తేడా అంతా షికమో, మరహాబాలే మోశాయి. ఎవరు ముందు ఏమన్నారో చూస్తే చాలు, ఎవరు పెద్దో తెలిసిపోతుంది.

షికమో ఎవరికి? మీ అమ్మానాన్నల వయసువాళ్లకి, అంతకన్నా పెద్దవాళ్లకి ధైర్యంగా అనండి. మీకన్నా రెండేళ్లు పెద్దవాడికి అంటే ‘నన్ను ముసలాణ్ని చేశావు’ అని నవ్వొచ్చు, ఒక్కోసారి నొచ్చుకోవచ్చు కూడా. టాంజానియా అంతటా ఇది నడుస్తుంది. పొరుగున కెన్యాలోని నైరోబీలో మాత్రం అరుదుగానే వింటారు, అక్కడ ‘హబారి’తోనే పని జరిగిపోతుంది.

అసలు తడబాటు పిల్లలు వచ్చినప్పుడు. ఆరేళ్ల పాప పరుగున వచ్చి మీ ముందు నిలబడి సన్నగా ‘షికమో’ అంటుంది. మీరు తిరిగి ‘షికమో’ అంటే ఆరేళ్ల పిల్లకి మీరు దణ్ణం పెట్టినట్టు! ఇల్లంతా నవ్వుతుంది. ‘మరహాబా’ అని తల మీద చెయ్యి వేసి ‘హుజాంబో?’ అనండి. అది ‘సిజాంబో’ అని తుర్రుమంటుంది. మరహాబా అనకుండా వదిలేస్తే మాత్రం పిల్ల కదలకుండా అక్కడే నిలబడిపోతుంది.

వరసల దగ్గర తెలుగు చెవి మోసపోయే చోట్లు కొన్నున్నాయి. ‘బాబు’ అంటే తాత. ముద్దొచ్చిన చిన్నపిల్లాణ్ని అలవాటుకొద్దీ ‘బాబూ’ అని పిలిచారో, వాడు వెనక్కి తిరిగి తాత కోసం వెతుకుతాడు. ‘మామా’ అంటే అమ్మ, మేనమామ కాదు. మేనమామ ‘మ్‌జోంబా’. ‘కాకా’ అంటే అన్న, తెలంగాణలో పిలిచే కాకా కాదు. ‘డాడా’ అంటే అక్క. ‘బీబీ’ అంటే నానమ్మ లేక అమ్మమ్మ. కానీ లోపలికి వెళ్లేకొద్దీ చుట్టరికాలు మనవే అనిపిస్తాయి: ‘బాబా మ్‌డోగో’, అక్షరాలా చిన్న నాన్న. ‘బాబా మ్‌కూబ్వా’, పెద్ద నాన్న. ‘మామా మ్‌డోగో’, చిన్నమ్మ. ఇంగ్లీషులో అంకుల్, ఆంటీ అని కలిపేసిన వరసల్ని వాళ్లూ మనలాగే విడివిడిగా పిలుస్తారు. వయసులో పెద్దాయన ఎవరైనా, వరస తెలియకపోతే ‘మ్‌జే’ అనండి, గౌరవమైన మాట. ఇంటావిడని పేరు పెట్టి పిలవకుండా ‘మామా’ పక్కన పెద్ద బిడ్డ పేరు చేర్చి పిలుస్తారు. పాప పేరు ఆషా అయితే ఆవిడ ‘మామా ఆషా’, ఆయన ‘బాబా ఆషా’. మన పల్లెల్లో ‘సీతమ్మ వాళ్లమ్మ’ అన్నట్టే.

జాంజిబార్‌లోనూ తీరంలోని చాలా ఇళ్లలోనూ ముస్లింలు ఎక్కువ. అక్కడ మగవాళ్లు ఆడవాళ్లకి ముందుగా చెయ్యి చాపకూడదు. ఆవిడ చాపితే అందుకోండి, లేకపోతే గుండె మీద చెయ్యి పెట్టుకుని మాటతో పలకరించండి. ‘అస్సలాము అలైకుమ్’ అని వినిపిస్తే జవాబు హైదరాబాదులో ఇచ్చేదే.

ఈలోగా ఇంట్లో కాలేజీ కుర్రాడు వచ్చి ‘మాంబో!’ అంటాడు. మాంబో అంటే జాంబోకి బహువచనం, ‘ఏంటి సంగతులు?’ అని. జవాబు ‘పోవా’, అంటే చల్లగా ఉంది, ‘సూపర్’ అన్నట్టు. కుర్రకారుతో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ ఊపులో తాతగారి వైపు తిరిగి మాంబో అనకండి. ‘ఏంటి గురూ’ అన్నట్టుంటుంది.

పళ్లెం ముందు కూర్చున్నవాళ్లు మీరు కనబడగానే ‘కరీబు’ అంటారు. మన ‘రండి, భోంచేద్దాం’ లాంటిదే ఇది. ఆకలి లేకపోతే ‘అసాంటే’ అని చేత్తో వద్దనవచ్చు, తప్పు పట్టరు. విందుకే పిలిచిన ఇంట్లో అయితే రెండు ముద్దలైనా తినాల్సిందే.

లేచేటప్పుడు హఠాత్తుగా ‘క్వాహేరి’ (సెలవు) అనేసి నిలబడితే బాగోదు. ముందు ‘అసంటేని సానా’ అని అందరికీ కలిపి చెప్పండి. ఇంటివాళ్లు ‘కరీబు టేనా’ అంటారు, అంటే ‘మళ్లీ రండి’. చీకటి పడితే ‘లాలా సలామా’, క్షేమంగా పడుకోండి అని. మళ్లీ కలిసేది ఉంటే ‘టుటఒనానా’, మన ‘వెళ్లొస్తా’కి దగ్గరగా ఉంటుంది. వెళ్తాననకుండా వెళ్లొస్తాననే మనవాళ్లకి క్వాహేరి కన్నా ఇదే నోటికి హాయి.

అయినా గడప దగ్గర అయిపోలేదు. ఇంటాయన చెప్పులేసుకుని మీతో పాటు నడుస్తాడు. దాన్ని ‘కుసిండికీజా’ అంటారు, సాగనంపడం. ‘వద్దండీ, నేను వెళ్తాను’ అని ఆపకండి, అది ఆయన బాధ్యత. దారిలో పక్కింటివాళ్లు ఎదురై మీ ఇద్దరినీ చూసి ‘హమ్‌జాంబో?’ అంటే, ఆయనతో కలిసి మీరూ ‘హటుజాంబో’ అనండి.